షాక్ ఎందుకు పెట్టలేదంటే... ఒక డయాలసిస్ పేషెంట్ కేసులో నా అనుభవం

కోనసీమలో ఒక మోస్తరు ఆసుపత్రి క్యాజువాలిటీలో నేను డ్యూటీ డాక్టర్‌ని. ఇది ఒక మే నెల రాత్రి సంగతి. 11:40కి ఆటోలో ఒకాయన్ని తీసుకొచ్చారు, యాభై రెండేళ్లు, భార్య, బావమరిది వెంట ఉన్నారు. మనిషి స్పృహలోనే ఉన్నాడు, మాట్లాడుతున్నాడు కూడా, కాకపోతే ఆయాసం, నీరసం. ఆటో దిగుతుంటే కాళ్లు లేవట్లేదని ఇద్దరు పట్టుకుని మోశారు. "పొద్దున్నించీ కాళ్లు బరువెక్కిపోయాయండి, అడుగు తీసి అడుగు వెయ్యలేకపోతున్నారు" అంది ఆవిడ. ఎండదెబ్బ అనుకుని వచ్చారు వాళ్లు. నిజం చెప్పాలంటే మొదటి రెండు నిమిషాలు నేనూ అలాగే అనుకున్నాను, ఆ వారంలో అలాంటివాళ్లు రోజుకి నలుగురైదుగురు వస్తున్నారు మరి.

వీల్ చెయిర్ నుంచి బెడ్ మీదకి మారుస్తుంటే ఆయన కళ్లు పైకి తేలేసి, గొంతులో గురకలాంటి శబ్దం ఒకటి వచ్చి, అలా వాలిపోయాడు. మెడ దగ్గర వేళ్లు పెట్టి చూశాను, నాడి లేదు. పది సెకన్లకి మించి వెతక్కూడదు అనేది మాకు మొదట నేర్పేది, ఎందుకంటే అనుమానంతో వెతుకుతూ కూర్చుంటే ఆ టైమంతా మెదడుకి రక్తం అందనట్టే. గోడ గడియారంలో 11:46. సీపీఆర్ మొదలుపెట్టమన్నాను. వార్డ్ బాయ్ స్టూల్ ఎక్కి ఛాతీ మధ్యలో నొక్కడం మొదలుపెట్టాడు, సిస్టర్ ఒకావిడ ఊపిరి అందించే అంబు బ్యాగ్ పట్టుకుంది, ఇంకో సిస్టర్ డీఫిబ్రిలేటర్ ట్రాలీ లాక్కొచ్చింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. గుండె ఆగిపోయింది అనగానే అందరికీ మనసులో ఒకటే బొమ్మ ఉంటుంది, మానిటర్ మీద గీత చదునుగా అయిపోవడం, డాక్టర్ రెండు ప్యాడిల్స్ రుద్ది ఛాతీ మీద పెట్టడం, మనిషి ఎగిరిపడి లేవడం. సినిమాల్లో చూసి చూసి అది అలా స్థిరపడిపోయింది. కానీ ఆ చదును గీతకి షాక్ పెట్టరు, పెట్టినా ఏమీ రాదు. షాక్ గుండెని స్టార్ట్ చేసేది కాదు, నిజానికి ఆపేది. గుండెలో కరెంట్ గందరగోళమై కండరం ఎక్కడికక్కడ వణుకుతూ ఉంటే, అంటే మేము వీఎఫ్ అంటాం, ఆ వణుకునంతా ఒక్క దెబ్బతో ఆపేస్తే గుండెలో సహజంగా ఉండే పేస్‌మేకర్ మళ్లీ అందుకుంటుంది అని ఆశ. నాడి లేకుండా విపరీతమైన వేగంతో కొట్టేసే వీటీకి కూడా అంతే. షాక్ పని చేసేవి ఈ రెండే. మిగతావి రెండున్నాయి. ఒకటి అసిస్టోల్, అంటే కరెంటే లేదు, ఆపడానికి ఏమీ లేదు. రెండోది పీఈఏ, ఇదే అందర్నీ మోసం చేసేది, మానిటర్ మీద గీత క్రమంగా వస్తూనే ఉంటుంది, చూసినవాళ్లు గుండె కొట్టుకుంటోంది అనుకుంటారు, కానీ మెడ మీద వేలు పెడితే నాడి ఉండదు. కరెంట్ ఉంది, గుండె పిండట్లేదు, లేదా పిండినా బయటికి రావడానికి రక్తం లేదు.

ఒక నిమిషం తర్వాత ప్యాడిల్స్ ఛాతీ మీద పెట్టి, నొక్కడం ఆపించి, మానిటర్ చూశాను. గీత వస్తోంది. కానీ ఒక్కో కాంప్లెక్స్, అంటే గీతలో ఒక్కో దెబ్బకి లేచే ముక్క, బాగా వెడల్పుగా, కొండలు లోయలు లాగా, ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుందో తెలియకుండా. వేగం నిమిషానికి 40 దాకా. నాడి చూశాను, లేదు. వెంటనే మళ్లీ నొక్కమన్నాను.

నాతో ఆ రాత్రి ఉన్న జూనియర్ డాక్టర్ గబగబా "మేడమ్, వీటీ కదా, ఛార్జ్ చెయ్యనా?" అన్నాడు. తప్పు పట్టడానికి లేదు, వెడల్పు కాంప్లెక్స్ అంటే వీటీ అని అందరం అలాగే నేర్చుకుంటాం. నేను వేగం చూడమన్నాను. వీటీ అయితే సాధారణంగా నిమిషానికి నూట యాభై, రెండొందల దగ్గర ఉంటుంది, ఇది 40. వెడల్పుగా ఉంది, నిదానంగా ఉంది, నాడి లేదు, అంటే ఇది పీఈఏ. అదే వేగంగా ఉండి నాడి లేకపోతే నేనూ ఆలోచించకుండా షాక్ పెట్టేదాన్నే, అక్కడ అనుమానం పడుతూ నిలబడటం కంటే పెట్టెయ్యడమే మేలు. కానీ ఇంత వెడల్పుగా ఇంత నిదానంగా వచ్చేసరికి నా బుర్రలో ఒకటే మాట తిరగడం మొదలైంది, ఏదో రక్తంలోనే తేడా ఉంది అని.

తలుపు దగ్గర నుంచి బావమరిది అరుస్తున్నాడు, "కరెంట్ పెట్టండి మేడంగారూ, మిషను పక్కనే ఉంది కదండీ, ఎందుకు పెట్టట్లేదు?" అని. అతని బాధ అర్థమవుతూనే ఉంది. ఎదురుగా మిషను ఉండి వాడకపోతే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. ఆ రెండు నెలల ముందే అదే బెడ్ మీద ఒక కిరాణా కొట్టు ఆయన ఛాతీ నొప్పితో వచ్చి ఈసీజీ తీస్తుండగానే వీఎఫ్‌లోకి వెళ్లాడు, నిమిషం తిరక్కుండా ఒక్క షాక్ పెడితే లేచి "ఏమైందండి నాకు?" అని అడిగాడు. షాక్ పని చేసే చోట దాని కంటే గొప్ప మందు లేదు, ఆలస్యం అయ్యే ప్రతి నిమిషం నష్టమే. కానీ ఈయన గుండెలో ఆపాల్సిన వణుకు లేదు. ఇక్కడ షాక్ పెట్టడానికి నొక్కడం ఆపితే, ఉన్న కాస్త రక్తప్రసరణ కూడా పోతుంది.

షాక్ లేని దారిలో మాకున్నవి మూడే, బాగా నొక్కడం, వీలైనంత త్వరగా అడ్రినలిన్, అసలు కారణం ఏంటో వెతకడం. మొదటి రెండూ సిస్టర్స్‌కి నిద్రలో లేపినా వచ్చు. కుడి మోచేతి దగ్గర క్యాన్యులా పెట్టి 11:48కి అడ్రినలిన్ 1 మిల్లీగ్రాము ఇచ్చాం, తర్వాత మూడు నుంచి ఐదు నిమిషాలకోసారి. నొక్కేవాళ్లని రెండు నిమిషాలకోసారి మార్చాం, నిమిషానికి 100 నుంచి 120, లోతు 5 సెంటీమీటర్లకి తగ్గకుండా, ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేవనిస్తూ. ఎంత బలవంతుడైనా రెండు నిమిషాలు దాటితే తెలియకుండానే లోతు తగ్గిపోతుంది, అందుకే నేను బాగానే ఉన్నాను అన్నా దింపేస్తాం. మూడోది, కారణం వెతకడం, అది మాత్రం ఎవరో ఒకరు చేతులు కట్టుకుని కాళ్ల దగ్గర నిలబడి ఆలోచిస్తే తప్ప జరగదు. నేను బెడ్ కాళ్ల వైపుకి జరిగాను.

అప్పుడే వార్డ్ బాయ్ కత్తెరతో చొక్కా కోశాడు. ఫుల్ హ్యాండ్స్ చొక్కా, మే నెలలో, మణికట్టు దాకా గుండీ పెట్టుకుని. ఎడమ చేతి గుడ్డ పక్కకి పడేసరికి కనిపించింది. మణికట్టు పైనుంచి మోచేయి దాకా చర్మం కింద ఒక లావుపాటి నరం, మెలికలు తిరిగిన తాడులాగా ఉబ్బి ఉంది, దాని మీద వరసగా నల్లటి సూది మచ్చలు, కొన్ని పాతవి, రెండు మాత్రం కొంచెం కొత్తవి. ఫిస్టులా. డయాలసిస్ కోసం ధమనిని, సిరని కలిపి కుట్టేది. ఎండదెబ్బ అని వచ్చిన మనిషి కిడ్నీ పేషెంట్. చాలామంది ఫుల్ హ్యాండ్స్ వేసుకునేది అది కనిపించకూడదనే, ఊళ్లో అడుగుతారని, పెళ్లి కావాల్సిన పిల్లలుంటే మరీనూ.

తలుపు దగ్గరికి వెళ్లి ఆవిడని అడిగాను, "అమ్మా, డయాలసిస్ చివరిసారి ఎప్పుడు అయింది?" ఆవిడ ఒక్క క్షణం ఆగి, "శనివారం అవ్వాలండి, మా ఆడపడుచు కూతురి పెళ్లని వెళ్లలేదు. మంగళవారం కూడా ప్రయాణంలో ఉండిపోయామండి" అంది. వారానికి రెండుసార్లు చేయించుకునేవాడు, వరసగా రెండూ పోయాయి. ఆ రోజు బుధవారం, అంటే అంతకుముందు మంగళవారం తర్వాత మొత్తం ఎనిమిది రోజులు. నేను ఇంకో ప్రశ్న అడిగాను, ఏం తిన్నారు, ఏం తాగారు అని. "నీరసంగా ఉందంటే నిన్నా ఇవాళా కొబ్బరినీళ్లు ఇచ్చానండి, ఇంటి చెట్టువే, రోజుకి నాలుగైదు బొండాలు." పెళ్లింట్లో మామిడిపళ్లు కూడా తిన్నాడట.

కిడ్నీలు పనిచేసేవాళ్లకి కొబ్బరినీళ్లు మంచివే, అందులో పొటాషియం ఎక్కువ, ఎక్కువైంది మూత్రంలో పోతుంది. ఈయనకి పోయే దారి డయాలసిస్ ఒక్కటే, అది ఎనిమిది రోజులుగా మూసి ఉంది. పొటాషియం మామూలుగా 3.5 నుంచి 5 దాకా ఉండాలి. అది పెరిగేకొద్దీ గుండె కణాల్లో కరెంట్ పాకడం మందగిస్తుంది, మొదట ఈసీజీలో టీ అలలు గుడారంలాగా నిటారుగా లేస్తాయి, తర్వాత పీ అలలు మాయమవుతాయి, తర్వాత కాంప్లెక్స్‌లు వెడల్పై చివరికి అన్నీ కలిసిపోయి ఒక్క అలలాగా కనిపిస్తాయి. నేను మానిటర్ మీద చూసిన కొండలు లోయలు అవే. కాళ్లు లేవకపోవడం కూడా దానిదే, పొటాషియం గుండెనే కాదు కాళ్ల కండరాలనీ పట్టేస్తుంది. అది ఆవిడ మొదటి మాటలోనే చెప్పింది, నేనే పట్టుకోలేదు. పట్టుకునే టైమ్ ఆరు నిమిషాలే దొరికింది నాకు, అయినా ఇప్పటికీ ఆ మాట చెవిలో ఉంటుంది.

రిపోర్ట్ వచ్చేదాకా ఆగలేదు. తొడ దగ్గర నుంచి రక్తం తీసి, అందులో ఆమ్లం, పొటాషియం లాంటివి త్వరగా చెప్పే ఏబీజీ మిషన్‌కి పంపించి, దానితో పాటే కాల్షియం గ్లూకోనేట్ తీయమన్నాను. సిస్టర్ అలవాటు కొద్దీ ఒక ఆంపూల్ తీసింది. ఒకటి సరిపోదు, 10 శాతం గ్లూకోనేట్ ఒక 10 ఎంఎల్ ఆంపూల్‌లో అసలు కాల్షియం చాలా తక్కువ, కాల్షియం క్లోరైడ్ ఒక ఆంపూల్‌లో ఉన్నంత రావాలంటే గ్లూకోనేట్ మూడు కావాలి. మూడూ, మొత్తం 30 ఎంఎల్, 11:50కి ఇచ్చేశాం. ఇక్కడ చాలా చోట్ల జరిగే పొరపాటు ఒకటుంది. తర్వాత ఇవ్వాల్సింది రక్తంలో ఆమ్లాన్ని తగ్గించే సోడా బైకార్బ్. కాల్షియం వెళ్లిన అదే లైన్‌లో కడక్కుండా బైకార్బ్ ఎక్కిస్తే రెండూ కలిసి ట్యూబ్‌లో సున్నం నీళ్లలాగా తెల్లగా గడ్డకడతాయి, నిజంగా సున్నపురాయి పదార్థమే అది. లైన్ పూడుకుపోతుంది, రెండు మందులూ దండగ. మధ్యలో 20 ఎంఎల్ సెలైన్‌తో కడిగి అప్పుడు బైకార్బ్, 25 ఎంఎల్ ఆంపూల్స్ రెండు, ఇచ్చాం.

కాల్షియం పొటాషియాన్ని తగ్గించదు, ఒక్క చుక్క కూడా తగ్గించదు. గుండె కణాన్ని ఆ పొటాషియం నుంచి కాసేపు కాపాడుతుంది అంతే, అరగంట నుంచి గంట దాకా. ఆ టైమ్‌లో పొటాషియాన్ని కణాల లోపలికి నెట్టాలి, దానికే ఇన్సులిన్. రెగ్యులర్ ఇన్సులిన్ 10 యూనిట్లు, తోడుగా 25 శాతం డెక్స్‌ట్రోజ్ 100 ఎంఎల్, లేకపోతే షుగర్ పడిపోతుంది. లోపలికి నెట్టింది కూడా కొన్ని గంటల్లో మళ్లీ బయటికి వస్తుంది, ఒంట్లోంచి నిజంగా తీసేది డయాలసిస్ ఒక్కటే. అందుకే ఇవన్నీ ఇస్తుండగానే డయాలసిస్ టెక్నీషియన్ ఇంటికి ఫోన్ చేయించాను.

11:51 రిథమ్ చెక్. గీత అలాగే వెడల్పు, కానీ కొంచెం, ఒక్క పిసరు సన్నబడింది అనిపించింది. నాడి లేదు.

పొటాషియం దొరికింది కదా అని మిగతా కారణాలు వదిలెయ్యలేదు నేను. దానికి ఒక పాత లెక్క ఉంది. హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు, వేరే ఊళ్లో, ఒక ఆస్తమా పెద్దాయనకి గొంతులోకి ట్యూబ్ వేసి అంబు గట్టిగా నొక్కుతుండగా గుండె ఆగింది, పీఈఏ. అందరం అది ఊపిరి అందక ఆగింది అని మొదటి నిమిషంలోనే తేల్చేసుకున్నాం, కారణం దొరికేసింది అన్న ధీమాలో నొక్కుతూ, అడ్రినలిన్ ఇస్తూ పద్నాలుగు నిమిషాలు గడిపాం. అంబు నొక్కుతుంటే గట్టిగా ఉంది, గాలి పోవట్లేదు అని బ్యాగ్ పట్టుకున్న సిస్టర్ రెండుసార్లు చెప్పింది. ఎవరూ స్టెతస్కోప్ తీసి రెండు వైపులా పెట్టలేదు, నేను కూడా పెట్టలేదు. సీనియర్ వచ్చి కుడి వైపు చెయ్యి పెట్టి, శబ్దం లేదని విని, సూది గుచ్చగానే సైకిల్ ట్యూబ్‌లోంచి వచ్చినట్టు బుస్సుమని గాలి వచ్చింది. ఊపిరితిత్తి పగిలి గాలి ఛాతీలో చిక్కుకుని గుండెని నొక్కేస్తోంది అన్నమాట. నాడి మాత్రం రాలేదు. ఆ శబ్దం నేను మర్చిపోలేదు. అప్పట్నుంచి నాకు ఒక కారణం దొరికినా, రెండో కారణం పక్కనే ఉందేమో అని చెయ్యి పెట్టి చూసే దాకా కుదురుండదు.

అందుకని ఈయనకి ట్యూబ్ పడగానే రెండు వైపులా విన్నాను, గాలి సమానంగా వెళ్తోంది, అడుగున నీళ్లు చేరిన గరగర ఉంది, అది డయాలసిస్ పోయినవాళ్లలో ఉండేదే. ఆక్సిజన్ నూటికి నూరు ఇస్తున్నాం, ఊపిరి సంగతి చూసుకున్నట్టే. రక్తం తగ్గిందేమో అనుకోవడానికి లేదు, మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి, కాళ్లు వాచి ఉన్నాయి. ఆ ఉబ్బిన మెడ నరాలే ఇంకో అనుమానం రేపాయి. కిడ్నీ పేషెంట్లకి గుండె చుట్టూ ఉన్న సంచిలో నీరు చేరుతుంది, అది గుండెని పిసికేస్తే కూడా ఇదే పీఈఏ, దానికి ఎంత కాల్షియం పోసినా లాభం లేదు, సూదితో నీరు తీయాలి. జూనియర్‌ని ఎకో ప్రోబ్ జెల్ రాసి రొమ్ము ఎముక కింద పెట్టి రెడీగా ఉండమన్నాను. నొక్కుతున్నప్పుడు బొమ్మ దొరకదు, ఆపిన ఆ పది సెకన్లలోనే వీడియో రికార్డ్ చెయ్యాలి, చూడటం మాత్రం మళ్లీ నొక్కడం మొదలయ్యాక. చాలామంది ప్రోబ్ పట్టుకుని స్క్రీన్‌లో వెతుకుతూ ఇరవై, ముప్పై సెకన్లు తినేస్తారు, ఆ ఎకో వల్ల మంచి కంటే చెడే ఎక్కువ. సిస్టర్‌ని గట్టిగా పది లెక్కపెట్టమన్నాను. 11:53కి ఆపాం, "ఎనిమిది" అనేసరికి మళ్లీ చేతులు ఛాతీ మీద ఉన్నాయి. వీడియో చూస్తే గుండె చుట్టూ సన్నటి గీత మందం నీరు, అంతే, గుండెని నొక్కేంత లేదు. గుండె కదులుతోంది కూడా, చాలా బలహీనంగా. కుడి వైపు గది పెద్దగా ఉబ్బలేదు, కాబట్టి ఊపిరితిత్తుల్లోకి పెద్ద రక్తపు గడ్డ వెళ్లిందన్న అనుమానమూ కాస్త తగ్గింది, ఆ బొమ్మతో పూర్తిగా కొట్టెయ్యలేం గానీ. మాత్రలేవైనా ఎక్కువ మింగాడేమో అని ఆవిడని మందుల సంచి తెమ్మన్నాను, బీపీ మాత్రలు తప్ప ఏమీ లేవు, అన్నీ లెక్క ప్రకారమే ఉన్నాయి.

అదే చెక్‌లో గీత స్పష్టంగా మారింది. కాంప్లెక్స్‌లు సన్నబడ్డాయి, వేగం 70. జూనియర్ మొహం వెలిగింది. నాడి చూస్తే ఇంకా లేదు. మానిటర్ చూసి ఆనందపడి నొక్కడం ఆపేసేది సరిగ్గా ఇక్కడే. ఏబీజీ రిపోర్ట్ అప్పుడే చేతికొచ్చింది, పొటాషియం 8.3, పీహెచ్ 7.02, అంటే రక్తంలో ఆమ్లం బాగా పెరిగిపోయింది. గుండె ఆగిన తర్వాత తీసిన రక్తంలో పొటాషియం కొంత దానంతటదే పెరిగి ఉంటుంది నిజమే, కానీ ఎనిమిది రోజులు డయాలసిస్ లేని మనిషికి ఆ అంకె చూసి నాకేమీ ఆశ్చర్యం వెయ్యలేదు.

11:55. నొక్కడం ఆపాం. గీత గజిబిజి. ఎత్తులు లేవు, క్రమం లేదు, పిల్లాడు పెన్సిల్‌తో గీకినట్టు. వీఎఫ్.

రిథమ్ ఒకసారి చూసి ముద్ర వేసుకుంటే చాలదు అనేది ఇక్కడే అర్థమవుతుంది. తొమ్మిది నిమిషాలు షాక్ పనికిరాని మనిషికి ఇప్పుడు షాకే మందు. "ఛార్జ్ 200" అన్నాను, అంటే 200 జౌల్స్. ఛార్జ్ ఎక్కేంతసేపూ నొక్కుతూనే ఉండమన్నాను, ఆక్సిజన్ ట్యూబ్ నుంచి తీసి దూరంగా పెట్టించాను, జెల్ రాసిన ప్యాడిల్స్ ఒకటి కుడి వైపు కాలర్ ఎముక కింద, ఒకటి ఎడమ వైపు చంక కింద గట్టిగా అదిమి, ఎవరూ బెడ్‌ని తాకట్లేదని తల తిప్పి చూసుకుని, అందరూ జరగండి అని షాక్ ఇచ్చాను. వెంటనే మళ్లీ నొక్కడం. షాక్ పెట్టగానే మానిటర్ వైపు ఆశగా చూస్తూ నిలబడిపోవడం మనిషి సహజం, కానీ రిథమ్ సరైనా గుండె ఆ మొదటి నిమిషం పిండలేనంత నీరసంగా ఉంటుంది, దానికి మన చేతులు కావాలి. రెండు నిమిషాలు పూర్తిగా నొక్కాకే చూడాలి.

మధ్యలోనే క్యాప్నోగ్రాఫ్ అంకె కదిలింది. ట్యూబ్‌లోంచి బయటికొచ్చే కార్బన్ డయాక్సైడ్ అప్పటిదాకా 11, 13 మధ్య ఉండేది, అది ఒక్కసారిగా 38కి లేచింది. రక్తం ఊపిరితిత్తులకి నిజంగా చేరితే తప్ప ఆ అంకె అలా లేవదు. 11:57కి ఆపి మెడ మీద వేళ్లు పెట్టాను. నాడి ఉంది. సన్నగా, వేగంగా. బీపీ పై అంకె 84. నేను ఇంకో సిస్టర్‌ని కూడా తొడ దగ్గర చూడమన్నాను, నా వేళ్ల కొసల్లో నా నాడే తగులుతోందేమో అని. ఆవిడ తలూపింది.

అయిపోలేదు. 12:35కి మానిటర్‌లో కాంప్లెక్స్‌లు మళ్లీ వెడల్పవడం మొదలైంది. మొదటి కాల్షియం పని అయిపోతోంది, ఇన్సులిన్ ఇంకా పూర్తిగా అందుకోలేదు. మళ్లీ కాల్షియం ఇచ్చాం, ఈసారి నాడి ఉంది కాబట్టి నిదానంగా. పది నిమిషాల్లో సన్నబడ్డాయి. టెక్నీషియన్ బైక్ మీద వచ్చేసరికి ఒంటిగంట. డయాలసిస్‌కి ఎడమ చెయ్యి తీసుకుని ఫిస్టులా మీద అరచెయ్యి పెట్టాడు, మామూలుగా అక్కడ పిల్లి గురగురలాగా చేతికి తగులుతుంది. ఏమీ లేదు. బీపీ పడిపోయిన ఆ పదకొండు నిమిషాల్లో ఫిస్టులా గడ్డకట్టేసింది. తొడ దగ్గర క్యాథెటర్ వేసి డయాలసిస్ మొదలుపెట్టాం. 2:30కి షుగర్ చూస్తే 58, కిడ్నీలు పనిచెయ్యనివాళ్లలో ఇన్సులిన్ ఎక్కువసేపు ఉండిపోతుంది, గంట గంటకి చూడమని రాసిపెట్టబట్టి దొరికింది, మళ్లీ డెక్స్‌ట్రోజ్ ఎక్కించాం. తెల్లవారుజామున డయాలసిస్ అయ్యాక పొటాషియం 5.1.

బావమరిది పొద్దున్న టీ తెచ్చి ఇచ్చి, తల దించుకుని, "రాత్రి అరిచానండి" అన్నాడు. నేను అతన్ని కూర్చోబెట్టి, మొదట ఎందుకు పెట్టలేదో, తర్వాత ఎందుకు పెట్టామో మానిటర్ ప్రింట్ స్లిప్పులు రెండూ పక్కపక్కన పెట్టి చూపించాను. ఒకటి కొండలు లోయలు, ఒకటి పెన్సిల్ గీకుడు. అతను చాలాసేపు చూశాడు. ఆవిడ మాత్రం ఒక్కటే అడిగింది, "కొబ్బరినీళ్లు నేనే ఇచ్చానండి, నా వల్లేనా?" అని. అబద్ధం చెప్పాలనిపించలేదు, ఆవిడ మీద వెయ్యాలనీ అనిపించలేదు. కొబ్బరినీళ్లు ఆఖర్న పడిన బరువు, అసలు బరువు మిస్ అయిన రెండు డయాలసిస్‌లది, ఈ పేషెంట్లు నీరసం అంటే కొబ్బరినీళ్లు కాదు, నేరుగా డయాలసిస్ సెంటర్‌కి తీసుకురావాలి, కాళ్లు బరువెక్కాయి అంటే అర్ధరాత్రయినా సరే తీసుకురావాలి అని చెప్పాను. ఇంతకుముందు ఈ మాట ఎవరైనా చెప్పారా అని అడిగితే, ఉప్పు తగ్గించమన్నారు, నీళ్లు తగ్గించమన్నారు, కొబ్బరినీళ్ల సంగతి ఎవరూ చెప్పలేదంది. కొబ్బరిచెట్టు లేని పెరడు ఉండదు మా దగ్గర, అందుకే మా డయాలసిస్ రూమ్ గోడ మీద ఆ వారమే కొబ్బరిబొండం బొమ్మ గీయించి దాని మీద ఎర్ర గీత కొట్టించాను.

ఆయన మూడో రోజు ట్యూబ్ తీశాక మాట్లాడాడు. రెండు పక్కటెముకలు విరిగాయి, దగ్గితే ప్రాణం పోతోందన్నాడు. రెండు నెలలకి కుడి చేతికి కొత్త ఫిస్టులా పెట్టించుకుని చూపించడానికి వచ్చాడు, ఈసారి హాఫ్ హ్యాండ్స్ చొక్కా. చెయ్యి చాపాడు. కుట్ల పక్కన అరచెయ్యి ఆనించాను, గురగురమని తగిలింది.